కదిలే వస్తువు వెంట లేబుల్ నడిపించే ముందు జాగ్రత్తలు

ఆఫ్టర్ ఎఫెక్ట్స్‌లో సైకిల్ తొక్కే మనిషి హెల్మెట్ పక్కన పేరు నిలపాలి అనుకుందాం.

☐ క్లిప్ కత్తిరింపు, స్లో మోషన్ ముందే ముగించండి. ట్రాక్ చేశాక వేగం మారిస్తే పేరు ఒకచోట, తల ఒకచోట.

☐ ట్రాక్ పాయింట్ ఎంపికే అసలు పని. హెల్మెట్ అంచు గీత మీద పెడితే ట్రాకర్ ఆ గీత వెంబడే జారిపోతుంది, ఎందుకంటే గీత పొడవునా ఒకేలా కనిపిస్తుంది. మెరుపు మీద అసలే వద్దు. అది వెలుతురుతో కదులుతుంది, హెల్మెట్‌తో కాదు. స్టిక్కర్ మూలలాగా రెండు గీతలు కలిసే చోటు, చుట్టూ రంగు తేడా బాగా ఉన్నది వెతకండి.

☐ ట్రాక్ పాయింట్ చుట్టూ రెండు పెట్టెలుంటాయి. లోపలి పెట్టెలో ఆ మూల మాత్రమే పట్టాలి. బయటి పెట్టె, ఒక ఫ్రేమ్ నుంచి తర్వాతి ఫ్రేమ్‌కు ఆ మూల జరిగే దూరాన్ని మించి ఉండాలి. మరీ పెద్దదైతే ట్రాకింగ్ నెమ్మదిస్తుంది, పక్కన అలాగే కనిపించే మరో చోటుకు అతుక్కుంటుంది కూడా.

☐ సైకిల్ దగ్గరికి వస్తోందా? అయితే Scale కూడా టిక్ చేయండి, రెండో పాయింట్ కావాలి.

☐ స్తంభం అడ్డొచ్చే ఫ్రేమ్‌లు ముందే చూసుకోండి. అక్కడ ట్రాక్ ఆపి, ఆ కొద్ది ఫ్రేమ్‌లకు చేత్తో కీఫ్రేమ్‌లు పెట్టాలి.

☐ ట్రాక్‌ను నేరుగా టెక్స్ట్‌కు కాక, వీడియోలో కనిపించని Null లేయర్‌కు ఇచ్చి, టెక్స్ట్‌ను దానికి పేరెంట్ చేయండి. తర్వాత పేరును పక్కకు జరపడం తేలిక.