ఉక్కు దూలం బరువు తగ్గించిన విధానం

మీటరు పొడవున్న, 20 మి.మీ. చదరపు ఉక్కు దూలం మా కొలత యంత్రపు కదిలే చేయిగా ఉండేది. దాని బరువు 3.14 కిలోలు కావడంతో మోటారు వేడెక్కేది. వంపు పెరగకుండా బరువు తగ్గించాలి.

చదరపు అడ్డుకోతను అన్ని వైపులా పెంచుకునే వీలుంటే, బరువును నిర్ణయించే సూచిక E^(1/2)/ρ అవుతుంది; ఇందులో E అంటే పదార్థం సాగకుండా, వంగకుండా ఎంత గట్టిగా నిలుస్తుందో చెప్పే యంగ్ గుణకం, ρ అంటే సాంద్రత. ఈ సూచిక ఎంత పెద్దదైతే అదే వంపుకు దూలం అంత తేలిక. అందుకే యంగ్ గుణకం నిలువుగా, సాంద్రత అడ్డంగా ఉన్న లాగరిథమిక్ పటంపై వాలు 2 గల గీతను గీసి, ఎడమవైపు పైకి జరుపుతూ పోయాను. GPa, గ్రా./ఘ.సెం.మీ. ప్రమాణాలలో ఉక్కుకు సుమారు 1.85, అల్యూమినియంకు 3.1 వచ్చాయి. నారల వెంట కొలిచిన కలప రెండింటినీ మించుతుంది కానీ, తేమకు కొలతలు మారే పదార్థాన్ని కొలత యంత్రంలో వాడలేము.

అసలు చిక్కు దూలం అమరే గాడి దగ్గర వచ్చింది. అది దూలాన్ని 20 మి.మీ. ఎత్తు దాటనివ్వదు. ఎత్తు స్థిరంగా ఉండి వెడల్పు మాత్రమే మారితే సూచిక E/ρ అవుతుంది. అందులో ఉక్కు, అల్యూమినియం దాదాపు సమానం. వంపు పెరగకుండా అల్యూమినియం దూలం వెడల్పును 60 మి.మీ.కు పెంచితే బరువు 3.24 కిలోలు, అంటే ఉక్కు కన్నా ఎక్కువే!

అందుచేత పదార్థంతో పాటు గాడిని కూడా మార్చి, 27 మి.మీ. చదరపు అల్యూమినియం దూలాన్ని అమర్చాను. బరువు 1.97 కిలోలకు దిగింది. లెక్క ప్రకారం అదే భారానికి వంపు పాతదానికన్నా సుమారు పది శాతం తక్కువ.