లెక్కల పట్టీలు చదువుదాం – 3: లాభం వచ్చింది, మరి డబ్బేది?

గత రెండు పాఠాల్లో లాభనష్టాల ఖాతానూ బ్యాలెన్స్ షీటునూ విడివిడిగా చూశాం. ఈసారి రెండింటినీ పక్కపక్కన పెట్టుకుందాం. అసలు విషయం అప్పుడే బయటపడుతుంది.

బల్లలు, కుర్చీలు చేసే ఒక చిన్న సంస్థ ఉందనుకోండి. ఈ ఏడాది అమ్మకాలు 100. అమ్మిన సరుకు తయారీకి 60, జీతాలకూ అద్దెకూ 20, యంత్రాల తరుగుదల 5, వడ్డీ 3 పోగా లాభం 12. పన్ను సంగతి ప్రస్తుతానికి వదిలేద్దాం. చూడ్డానికి బాగానే ఉంది కదా? ఇప్పుడు బ్యాలెన్స్ షీటు చూడండి.

| | నిరుడు | ఈ ఏడు |
|---|---|---|
| నగదు | 20 | 11 |
| రావలసిన బాకీలు | 10 | 30 |
| సరుకు నిల్వ | 15 | 25 |
| యంత్రాలు | 50 | 45 |
| మొత్తం ఆస్తులు | 95 | 111 |
| ఇవ్వాల్సిన బాకీలు | 10 | 14 |
| బ్యాంకు అప్పు | 30 | 30 |
| యజమాని సొమ్ము | 55 | 67 |
| మొత్తం | 95 | 111 |

యజమాని సొమ్ము 55 నుంచి 67కు చేరింది. ఆ పెరిగిన 12 మనం చూసిన లాభమే. రెండు పట్టీలనూ కలిపే ముడి ఇక్కడుంది. కానీ నగదు మాత్రం 9 తగ్గింది!

లాభం 12తో మొదలుపెట్టి వెతుకుదాం. తరుగుదల 5 ఖర్చుగా రాశారే గానీ, ఈ ఏడు ఆ డబ్బు ఎవరికీ ఇవ్వలేదు. యంత్రం ఎప్పుడో కొన్నది. కాబట్టి దాన్ని తిరిగి కలిపితే 17. సరుకు ఇచ్చినవాళ్లకు మనం ఇంకా చెల్లించనిది 4 పెరిగింది, అది మన దగ్గరే ఉంది కనుక 21. ఇక పోయినవి చూద్దాం. బాకీలు 20 పెరిగాయి: అమ్మకం రాసుకున్నారు, డబ్బు చేతికి రాలేదు. గోదాములో నిల్వ 10 పెరిగింది. 21లోంచి 30 తీసేస్తే మైనస్ 9. లెక్క సరిపోయింది.

ఇందులో నన్ను ఆపేది బాకీల వరుస. నిరుడు అమ్మకాలు 90 అనుకుంటే, పెరిగింది పదో వంతుకు కాస్త ఎక్కువ, అంతే. బాకీలేమో మూడింతలయ్యాయి. బాకీని అమ్మకాలతో భాగించి 365తో గుణిస్తే, డబ్బు వసూలవడానికి సుమారు ఎన్ని రోజులు పడుతుందో తెలుస్తుంది. నిరుడు దాదాపు 41, ఇప్పుడు 110. కొనేవాళ్లు ఇబ్బందుల్లో ఉన్నారా, లేక అమ్మకాలు పెంచి చూపడానికి ఎవరికి పడితే వాళ్లకు అరువిచ్చారా?

తొందరపడి తీర్పు చెప్పకండి. బ్యాలెన్స్ షీటు చూపేది ఒక్క రోజు సంగతే. చివరి నెలలో పెద్ద ఆర్డరు వెళ్లి ఉంటే ఆ బాకీ మామూలుగానే వసూలు కావచ్చు. పట్టీ వెనక ఉండే వివరణల్లో, ఏ బాకీ ఎంత పాతదో రాసి ఉంటే అది చూడండి. ఆరు నెలలు దాటినవి ఎక్కువగా ఉంటే ఆ 12 లాభంలో కొంత కాగితం మీదే మిగలొచ్చు.

వచ్చే పాఠంలోపు ఒక లెక్క: రావలసిన బాకీలు 10 దగ్గరే ఆగి, మిగతావన్నీ ఇలాగే ఉంటే నగదు ఎంత ఉండేది? మీ జవాబు పెట్టాక కూడా ఆస్తుల మొత్తం 111 రావాలి.