ఇంగ్లీష్ కాల్‌లో ప్రశ్న ప్రశ్నలా వినబడాలంటే

మన తెలుగులో 'ఫైల్ పంపావా?' అంటే చివరి 'ఆ' ప్రశ్న సంగతి చూసుకుంటుంది, గొంతు పెద్దగా లేపక్కర్లేదు. అదే అలవాటుతో ఇంగ్లీష్‌లో 'యూ సెంట్ ద ఫైల్' అని చదునుగా అనేస్తే అవతలివాళ్లకి అది మీరు చెప్తున్న మాటే, అందుకే 'ఓకే' అని ఊరుకుంటారు. 'ఫైల్' దగ్గర స్వరం పైకి లేపండి, అప్పుడే జవాబొస్తుంది.

అలాగని అన్నిటికీ లేపకండి. 'వేర్ డు యు వర్క్' మామూలుగా 'వర్క్' మీద కిందికి దిగుతుంది. 'వేర్' మీదే గట్టిగా లేపితే ముందు చెప్పింది వినబడలేదు, మళ్లీ చెప్పమన్నట్టు ఉంటుంది.

ఇంకోటి, ఇది అసలు తంటా: అవతలివాళ్లు 'ఇట్స్ గుడ్' అంటూ 'గుడ్'ని కిందికి దించి చివర్లో కాస్త లేపారంటే మెచ్చుకున్నట్టు కాదు, వెనకాల ఒక 'కానీ' ఉందని. 'బట్?' అని అడిగేయండి.