మెషిన్ కేటలాగ్ తెలుగు చేశాక టేబుల్‌లో అంకెలు తేడా కొడుతుంటే

సమస్య: ఎగ్జిబిషన్‌కి కేటలాగ్ ప్రింటయ్యింది. స్టాల్‌కి వచ్చిన కస్టమర్ లేత్ పేజీ తిరగేసి "మోటార్ 75 కిలోవాట్లా, బరువు మాత్రం 2.15 కిలోలేనా?" అని అడుగుతున్నాడు.

కారణం: అసలు కేటలాగ్ జర్మనీదో ఇటలీదో అయ్యుంటుంది. అక్కడ దశాంశానికి కామా, వేలకి చుక్క పెడతారు. అంటే 7,5 ఏడున్నర, 2.150 రెండు వేల నూట యాభై. ఇంగ్లిష్ కాపీ చేతిలో ఉంది కదా అనుకోకండి, చాలాసార్లు వాక్యాలు మాత్రమే ఇంగ్లిష్ చేసి టేబుల్‌ని అలాగే వదిలేస్తారు.

పరిష్కారం: ముందు టేబుల్‌తోనే టేబుల్‌ని చెక్ చేయండి. మోటార్ పవర్ 7,5 కిలోవాట్లు, వేగం నిమిషానికి 1.500 చుట్లు, టార్క్ 48 న్యూటన్ మీటర్లు అని ఉందనుకుందాం.

```
T = 9550 × P / n
9550 × 7.5 / 1500 = 47.75
```

సరిపోయింది. 75 వేసి ఉంటే 477.5 వచ్చేది, అక్కడే దొరికిపోయేది. ఇప్పుడు మార్చేయొచ్చు, కానీ మొదట చుక్కల స్థానంలో `#` లాంటి తాత్కాలిక గుర్తు, తర్వాత కామాల స్థానంలో చుక్క, చివరికి `#` స్థానంలో కామా, ఈ వరసలోనే, లేకపోతే రెండూ కలిసిపోయి ఏది ఏదో ఎవరికీ తెలీదు. కొలతల కాలమ్స్‌లో మాత్రమే చేయండి. ఫైల్ మొత్తం మీద నడిపితే 04.118.2 లాంటి పార్ట్ నంబర్ కాస్తా మారిపోతుంది, ఆ తర్వాత స్పేర్ ఆర్డర్ చేసేవాడి తిప్పలు చూడాలి.

సమస్య: అంకె కరెక్టే, అయినా "ఇంత చిన్న జాబ్ పట్టే మెషినా?" అని కస్టమర్ పెదవి విరుస్తున్నాడు.

కారణం: కొందరు సెంటర్ హైట్ ఇస్తారు, కొందరు స్వింగ్ ఇస్తారు. సెంటర్ హైట్ అంటే బెడ్ మీది నుంచి స్పిండిల్ మధ్యగీత దాకా ఎత్తు, స్వింగ్ అంటే బెడ్‌కి తగలకుండా తిరిగే జాబ్ గరిష్ఠ వ్యాసం, దాదాపు దానికి రెట్టింపు. 200 మిల్లీమీటర్ల సెంటర్ హైట్‌ని ఉత్త "ఎత్తు" అని రాస్తే 400 స్వింగ్ ఉన్న మెషిన్ సగానికి తగ్గినట్టు కనబడుతుంది.

పరిష్కారం: చక్, టెయిల్‌స్టాక్, లీడ్ స్క్రూ లాగే ఈ రెండు పేర్లనూ తెలుగు లిపిలో అలాగే ఉంచి, కొలత ఎక్కడి నుంచి ఎక్కడికో పక్కన చిన్నగా రాయండి. రెండో అంకె మీరు లెక్కగట్టి వేయకండి, కంపెనీని అడగండి.

సమస్య: వ్యాసం గుర్తు Ø, టాలరెన్స్ గుర్తు ± ఉండాల్సిన చోట విడి వత్తులో గుడులో వచ్చాయి.

కారణం, పరిష్కారం: యూనికోడ్ కాని పాత డీటీపీ ఫాంట్లలో ఆ గుర్తుల గదుల్లో తెలుగు ముక్కలు కూర్చుని ఉంటాయి. యూనికోడ్ ఫాంట్‌కి మారిపోతే గొడవ ఉండదు. ప్రెస్ వాళ్లు ఒప్పుకోకపోతే గుర్తులన్నిటికీ విడిగా ఇంగ్లిష్ ఫాంట్ పెట్టి, చివరి పీడీఎఫ్‌లో ప్రతి ± నీ అసలు పేజీతో పోల్చి చూడాల్సిందే.