యాంటీబయాటిక్ కోర్సుతో పాటు ప్రోబయోటిక్ మొదలుపెడుతున్నారా? ముందు ఇవి చూసుకోండి

– మెడ లేదా ఛాతీ దగ్గర పెద్ద సిరలో సెలైన్ గొట్టం ఉన్నవాళ్లు, కీమోథెరపీలో ఉన్నవాళ్లు, అవయవ మార్పిడి జరిగినవాళ్లు, ఐసీయూ రోగులు డాక్టరు చెప్పకుండా వాడొద్దు. ప్రోబయోటిక్‌లంటే బతికున్న సూక్ష్మజీవులు, రక్తంలోకి చేరితే ప్రాణం మీదికి వస్తుంది. గొట్టం ఉన్న మనిషి పక్కన క్యాప్సూల్ విప్పడం కూడా ప్రమాదమే. ఆ పొడి చేతులకు అంటుకుని గొట్టం దాకా వెళ్తుంది. నెలలు నిండని పసికందుల విషయంలో 2023లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ప్రత్యేకంగా హెచ్చరించింది.

– లేబుల్ మీద స్ట్రెయిన్ పేరు, అంటే ఆ సూక్ష్మజీవి కచ్చితంగా ఏ రకమో చెప్పే పేరు, పూర్తిగా ఉండాలి. ఉత్త 'లాక్టోబాసిల్లస్' అంటే చాలదు. యాంటీబయాటిక్ వల్ల వచ్చే విరేచనాలు తగ్గుతాయని ఎక్కువ ఆధారాలున్నవి లాక్టోబాసిల్లస్ రామ్నోసస్ జీజీ, సాక్రోమైసిస్ బౌలార్డీ. ఒకదాని ఫలితం ఇంకోదానికి వర్తించదు.

– బౌలార్డీ ఈస్ట్ అనే ఫంగస్ కాబట్టి యాంటీబయాటిక్ దాన్ని చంపదు, ఫ్లూకొనజోల్ లాంటి ఫంగస్ మందు చంపుతుంది. జీజీ బ్యాక్టీరియా, అందుకే యాంటీబయాటిక్‌కూ దానికీ కనీసం రెండు గంటల ఎడం ఇవ్వండి.

– సీఎఫ్‌యూ, అంటే బతికున్న సూక్ష్మజీవుల సంఖ్య, తయారైన రోజుదా, గడువు తేదీ వరకూ హామీ ఇచ్చిందా చూడండి. నిల్వలో అవి చచ్చిపోతూనే ఉంటాయి. పిల్లల్లో మేలు ఎక్కువగా కనిపించింది రోజుకు 500 కోట్లు, ఆపైన ఇచ్చినప్పుడు.

– బ్యాక్టీరియా రకాన్ని భోజనంతో వేసుకోండి, ఆహారం కడుపులోని ఆమ్లం ఘాటు తగ్గిస్తుంది. వేడి పాలలో కలిపితే మాత్రం అక్కడే చస్తాయి.