కుర్రాడు నేర్చుకున్నది బిందెలో కనిపించాలి

రోజూ కొండమీది గుడికి నీళ్లు మోసే కుర్రాడి మీద షార్ట్ ఫిల్మ్ స్క్రిప్ట్ రాస్తుంటే ముందు చోటు సరిచూసుకోండి. కోనసీమ అంతా బల్లపరుపు నేల, అక్కడ కొండ రాస్తే మనవాళ్లు నమ్మరు. రాజమండ్రి దగ్గర కోరుకొండలో అయితే నిటారు మెట్లెక్కి వెళ్లే నరసింహస్వామి గుడి నిజంగానే ఉంది.

తర్వాత బరువు. లీటరు నీళ్లంటే కిలో. పదేళ్ల పిల్లాడి భుజానికి ఆరు లీటర్ల స్టీలు బిందె చాలు.

చాలా స్క్రిప్టులు చివర్లో పూజారి చేత నీతి చెప్పించి పాడవుతాయి. దానికి బదులు ఒకే మెట్టు దగ్గర రెండు రోజులు చూపించండి. నేనైతే ఇలా రాస్తాను:

బయట. కొండ మెట్లు. తెల్లవారుజాము.
బరువు తగ్గుతుందని కుర్రాడు సగం బిందె నీళ్లే తెచ్చాడు. అడుగు వేసినప్పుడల్లా నీళ్లు ఊగి చొక్కా తడుస్తోంది. పూలమ్మే మామ్మ చూసింది.
మామ్మ: ఒరేయ్ అబ్బాయ్, నీళ్ల మీద నాలుగు మామిడాకులు వెయ్యరా. ఊగవు.

బయట. అదే మెట్టు. మరో రోజు.
నిండు బిందె, పైన ఆకులు, పొడి చొక్కా. కింద ఇంకో చిన్న పిల్ల చెంబుతో తడబడుతోంది. కుర్రాడు ఏమీ అనకుండా తన బిందెలోంచి ఒక ఆకు తీసి ఆ చెంబులో వేశాడు.

ఇక్కడ డైలాగ్ రాయకండి. మెట్ల మీద అడుగుల చప్పుడు ఒక్కటే ఉంచండి.