జలుబు తర్వాత పిల్లలకు చెవి నొప్పి, వినికిడి మందగింపు: యాంటీబయాటిక్ ఎప్పుడు వేయాలి, ఎప్పుడు ఆగాలి?

జూలై ముసురులో మా చెల్లెలి కొడుకు నాలుగు రోజులు జలుబుతో బాధపడి, ఐదో రోజు రాత్రి 11 గంటలకు కుడి చెవి పట్టుకుని ఏడుపు అందుకున్నాడు. వాడికి 4 ఏళ్లు, బరువు 16 కిలోలు, జ్వరం 101 డిగ్రీలు. వెంటనే ఏదైనా యాంటీబయాటిక్ తెచ్చి వేయాలని ఇంట్లో అందరూ తొందరపడ్డారు. ఆ రాత్రి వాడికి కావలసింది మాత్రం అది కాదు.

ముక్కు వెనుక భాగాన్ని మధ్య చెవితో కలిపే సన్నని గొట్టం పిల్లల్లో పొట్టిగా, దాదాపు అడ్డంగా ఉంటుంది. జలుబుకు అది వాచి మూసుకుపోయినప్పుడు కర్ణభేరి వెనుక నీరు చేరుతుంది. ఆ నీరు చీముగా మారితే కర్ణభేరి బయటికి ఉబ్బి విపరీతమైన నొప్పి పుడుతుంది.

మొదట నొప్పి తగ్గించండి. పారాసిటమాల్‌ను కిలో బరువుకు 15 మిల్లీగ్రాముల చొప్పున, ఆరు గంటల ఎడంతో, రోజుకు నాలుగు సార్లకు మించకుండా ఇవ్వవచ్చు. 16 కిలోల పిల్లవాడికి అది 240 మిల్లీగ్రాములు. ఇక్కడే చాలామంది పొరబడతారు: 5 మి.లీ.లో 120 మిల్లీగ్రాములున్న సిరప్ అయితే 10 మి.లీ. పోయాలి, 250 మిల్లీగ్రాములున్నదైతే 5 మి.లీ.కి కొంచెం తక్కువే చాలు. కాబట్టి సీసా మీది అంకె చదవకుండా మూత నింపకండి. వానాకాలంలో హైదరాబాద్‌లో డెంగీ కూడా ఉంటుంది కనుక, జ్వరం ఉన్నప్పుడు డాక్టర్ చెప్పకుండా ఐబుప్రోఫెన్ వేయవద్దు. వెల్లుల్లి కాచిన నూనె చెవిలో పోయమనే పెద్దల మాటను ఈసారికి వినకండి. కర్ణభేరికి చిల్లు పడి ఉంటే ఆ నూనె నేరుగా లోపలికి పోతుంది.

తర్వాత, ఆగవచ్చా లేదా అన్నది తేల్చుకోవాలి. ఆరు నెలల లోపు పసివాళ్లను ఆగకుండా డాక్టర్‌కు చూపించాలి. రెండేళ్ల లోపు పిల్లలకు రెండు చెవులూ పాడైతే, ఏ వయసువారికైనా జ్వరం 102.2 డిగ్రీలు దాటితే, నొప్పి తీవ్రంగా ఉంటే లేదా చెవి నుంచి చీము కారితే సాధారణంగా యాంటీబయాటిక్ అవసరమవుతుంది. చెవి వెనుక ఎముక మీద వాపు వచ్చి చెవి ముందుకు తోసుకొచ్చినా, మెడ బిగుసుకుపోయినా, మూతి ఒక పక్కకు వంగినా, పిల్లవాడు మత్తుగా పడి ఉన్నా అర్ధరాత్రి అయినా ఆసుపత్రికి తీసుకువెళ్లాలి.

ఇవేవీ లేని రెండేళ్లు దాటిన పిల్లలకు నొప్పి మందు ఇస్తూ 48 నుంచి 72 గంటలు గమనించడం సరైన వైద్యమే. యాంటీబయాటిక్ వేసినా వేయకపోయినా దాదాపు 60 శాతం పిల్లలకు 24 గంటల్లోనే నొప్పి తగ్గుతుంది. మందు వల్ల విరేచనాలు, ఒంటి మీద దద్దుర్లు మాత్రం కొందరికి అదనంగా వస్తాయి.

మావాడి చెవిని మర్నాడు పిల్లల డాక్టర్ ఆటోస్కోప్‌తో చూశారు. ఏడిస్తే ఏ పిల్లవాడి కర్ణభేరి అయినా ఎర్రబడుతుందనీ, తాను చూసేది ఉబ్బునేననీ ఆమె చెప్పారు. కుడి చెవిలో ఉబ్బు కొద్దిగా ఉంది, పారాసిటమాల్‌తో నొప్పి అదుపులోకి వచ్చింది. ఆమె అమాక్సిసిలిన్ అనే యాంటీబయాటిక్ రాసిచ్చి, రెండు రోజుల్లో నొప్పి తగ్గకపోయినా, మధ్యలో పెరిగినా అప్పుడే కొనమన్నారు. ఆ చీటీతో పని పడలేదు. ఒకవేళ మొదలుపెట్టాల్సి వస్తే చెప్పినన్ని రోజులూ పూర్తిగా వేయాలి. ఈ వయసుకు సాధారణంగా 7 రోజులు, రెండేళ్ల లోపు వారికి 10 రోజులు. ఎప్పుడో నీళ్లు కలిపి ఫ్రిజ్‌లో దాచిన పాత సీసాను మాత్రం వాడకండి.

నొప్పి పోయాక రెండో వారంలో వాడు టీవీ శబ్దం పెంచడం, పిలిస్తే "ఆఁ?" అనడం మొదలుపెట్టాడు. చీము పోయినా నీరు మిగలడమే దీనికి కారణం. చెవిలో వేళ్లు పెట్టుకుని మాటలు విన్నట్టుంటుంది. ఈ దశలో నొప్పి, జ్వరం లేకపోతే యాంటీబయాటిక్ పనికిరాదు, జలుబు సిరప్‌లూ నీటిని తీసివేయలేవు. ఎక్కువమందిలో మూడు నెలల్లోపు అదే ఇంకిపోతుంది. అందాకా ఎదురుగా కూర్చుని ముఖం చూపిస్తూ మాట్లాడండి, బడిలో ముందు బెంచీ అడగండి. ఇంట్లో పొగ తాగనివ్వకండి.

తొమ్మిదో వారంలో మా చెల్లెలు వాడి వెనుక నిలబడి గుసగుసగా పిలిస్తే వాడు తిరిగి చూశాడు. మూడు నెలలు దాటినా మీ పిల్లవాడు అలా తిరగకపోతే వినికిడి పరీక్ష చేయించాలి. కోఠిలోని ప్రభుత్వ ఈఎన్‌టీ ఆసుపత్రి వంటి చోట ఈఎన్‌టీ డాక్టర్‌కు చూపించవచ్చు. మాటలు ఆలస్యంగా వస్తున్న పిల్లలకు, అంగిలి చీలికతో పుట్టిన పిల్లలకు మాత్రం ఆ మూడు నెలలు ఆగకూడదు.